బాండ్ డబ్బు కడతాననే మాట కాగితం మీద ఎలా పెట్టాలి?

ప్రశ్న: ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. 2024 జూలై 1న పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్యూసీ ట్రెయినీగా చేరాను. చేరేటప్పుడు వంద రూపాయల స్టాంపు పేపరు మీద బాండ్ రాయించుకున్నారు. మూడేళ్ల లోపు ఏ కారణంతో మానేసినా శిక్షణ ఖర్చుల కింద లక్షా యాభై వేలు కట్టాలని ఏడో క్లాజులో ఉంది. మా నాన్నగారు ష్యూరిటీ సంతకం పెట్టి, అంకె వేయని చెక్కు ఒకటి ఇచ్చారు. నా ఒరిజినల్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ కూడా వాళ్ల దగ్గరే ఉంది. ఇప్పుడు హైదరాబాదులో మంచి ఉద్యోగం వచ్చింది, మే 4న చేరాలి. నోటీసు అరవై రోజులు. జీతం ఇరవై నాలుగు వేలు. బాండ్ డబ్బు ఎగ్గొట్టే ఉద్దేశం నాకు లేదు, కానీ మొత్తం కట్టే స్తోమతా లేదు. రాజీనామాలో ఆ మాట ఎలా రాయాలి?
— శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: రాజీనామాలో ఆ మాట రాయొద్దు. రాజీనామా ఒక కాగితం, బాండ్ డబ్బు గురించిన ఉత్తరం ఇంకో కాగితం. ఈ రెండూ కలిపి రాయడం వల్లే ఎక్కువమంది చిక్కుల్లో పడతారు.

కలిపితే ఏమవుతుందో చూడండి. ‘బాండ్ ప్రకారం ఇంత చెల్లిస్తాను, దయచేసి నా రాజీనామా ఆమోదించండి’ అని రాశారనుకుందాం. అప్పుడు మీ రాజీనామా ఆ డబ్బు లెక్కకు ముడిపడిపోతుంది. ‘మీరు చెప్పిన మొత్తానికి మేం ఒప్పుకోలేదు, కాబట్టి మీ రాజీనామా ఇంకా పెండింగులోనే ఉంది’ అనడానికి హెచ్‌ఆర్‌కు దారి దొరుకుతుంది. ఏప్రిల్ ఆఖరుకు మీరు వెళ్లిపోతే, రికార్డులో చెప్పకుండా మానేసిన మనిషిగా పడతారు. అదే రాజీనామా విడిగా ఉంటే, నోటీసు గడియారం ఆ రోజే మొదలవుతుంది. డబ్బు మీద పేచీ ఎన్నాళ్లు సాగినా గడియారం ఆగదు. ఇష్టం లేని మనిషి చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని మన చట్టంలో ఏ కోర్టూ ఆదేశించదు. కంపెనీ అడగగలిగింది డబ్బు మాత్రమే.

కాబట్టి మొదటి కాగితం ఇంత చిన్నదిగా ఉంటే చాలు:

> హెచ్‌ఆర్ మేనేజరు గారికి,
> క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేస్తున్న నేను నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రంలోని అరవై రోజుల నోటీసు ఈ రోజు, అంటే 2026 మార్చి 2 నుంచి మొదలవుతుంది. నా ఆఖరి పనిదినం 2026 ఏప్రిల్ 30. అప్పటివరకు డ్యూటీకి వస్తాను. నా చేతిలోని పనిని మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. సర్వీస్ అగ్రిమెంటు విషయం విడిగా రాస్తాను.

ఇందులో సర్వీస్ అగ్రిమెంటు అన్నది మీ బాండ్‌నే. కంపెనీ ఫైళ్లు ఇంగ్లిషులో నడుస్తాయి కనుక ఇదే అర్థం చెడకుండా ఇంగ్లిషులో పెట్టుకోండి. ఎందుకు మానేస్తున్నారో చెప్పనక్కర్లేదు, కొత్త కంపెనీ పేరు అసలే వద్దు. ఇంట్లో ఒంట్లో బాగాలేదని కల్లబొల్లి కారణం రాయకండి. ఉద్యోగం మారినా పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్ ఒకటే కనుక, మీరు మేలో ఎక్కడ చేరారన్నది దాచినా దాగదు. ఉత్తరాన్ని ఆఫీసు మెయిలు నుంచి హెచ్‌ఆర్‌కూ మీ పైవాళ్లకూ పంపి, మీ సొంత మెయిలుకు కాపీ పెట్టుకోండి. ప్రింటు తీసి ఇన్‌వార్డు ముద్ర కూడా వేయించుకోండి. ఆఖరి రోజున ఆఫీసు మెయిలు మూసేస్తారు, అప్పుడు మీ దగ్గర సొంత కాపీ లేకపోతే పంపినట్టు రుజువే ఉండదు.

తేదీ లెక్క జాగ్రత్త. మార్చి 2ను మొదటి రోజుగా తీసుకుంటే అరవయ్యో రోజు ఏప్రిల్ 30 అవుతుంది. నోటీసు కాలంలో పెట్టిన సెలవుల్ని చాలా కంపెనీలు నోటీసులో కలపవు, అన్ని రోజులూ వెనక్కి జరుపుతాయి. మీరు మే 4న చేరాలి కాబట్టి ఈ రెండు నెలల్లో సెలవు జోలికి పోకండి.

ఇక బాండ్. మీ దగ్గర జిరాక్సు లేకపోతే ముందు అది అడిగి తీసుకోండి. ఏడో క్లాజులో ముఖ్యంగా ఒక్క సంగతి వెతకాలి: ఆ మూడేళ్లూ ఎప్పటి నుంచి మొదలవుతాయి? చేరిన రోజు నుంచా, శిక్షణ పూర్తయిన రోజు నుంచా? ఈ ఒక్క మాటతో లెక్క ఎంత మారుతుందో చూడండి.

చేరిన రోజు నుంచి అయితే గడువు 2024 జూలై 1 నుంచి 2027 జూన్ 30 దాకా, ముప్పై ఆరు నెలలు. ఏప్రిల్ 30 నాటికి మీరు ఇరవై రెండు నెలలు పనిచేసినట్టు. మిగిలింది పద్నాలుగు నెలలు. లక్షా యాభై వేలను ముప్పై ఆరుతో భాగిస్తే నెలకు ₹4,166.67. పద్నాలుగు నెలలకు ₹58,333. అదే శిక్షణ ఆరు నెలలనుకుని, అది పూర్తయ్యాక, అంటే 2025 జనవరి 1 నుంచి లెక్క మొదలైతే, మీరు పనిచేసింది పదహారు నెలలే. మిగిలిన ఇరవై నెలలకు ₹83,333 అవుతుంది. తేడా ఇరవై అయిదు వేలు. అందుకే క్లాజు చదవకుండా ఉత్తరంలో అంకె వేయకూడదు. ఇక్కడి నుంచి చేరిన తేదీ లెక్కనే పట్టుకుని చెబుతాం, మీ క్లాజులో రెండోది ఉంటే అంకెలు మార్చుకోండి.

నోటీసు పూర్తిగా చేయడం ఎందుకు లాభమో కూడా ఈ లెక్కలోనే ఉంది. మార్చి 2నే మానేస్తే మిగిలేది పదహారు నెలలు. బాండ్ వాటా ₹66,667, దానికి తోడు నోటీసు బదులు రెండు నెలల జీతం ₹48,000 అడుగుతారు. నోటీసు చేస్తే ఆ నలభై ఎనిమిది వేల మాటే రాదు, బాండ్ వాటా కూడా ఎనిమిది వేల పైచిలుకు తగ్గుతుంది. నోటీసు వేరు, బాండ్ వేరు. నోటీసు పూర్తి చేసినవారి దగ్గర కూడా బాండ్ అడగొచ్చు. కానీ నోటీసు పూర్తి చేసినవారి దగ్గర నోటీసు డబ్బు అడగకూడదు. సెటిల్‌మెంట్ కాగితంలో ఈ రెండూ ఒకే వరుసలో కనిపిస్తే సంతకం పెట్టకుండా అడగండి.

నెలలవారీ వాటా లెక్క మీ బాండ్‌లో రాసి లేదు కదా, అది ఎలా అడగడం అంటారేమో. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 74వ సెక్షన్ దీనికి ఆధారం. ఒప్పందం తప్పితే ఇంత కట్టాలని ముందే అంకె రాసుకున్నా, అవతలివారికి దక్కేది సమంజసమైన పరిహారమే. రాసిన అంకె దానికి పైహద్దు మాత్రమే. 2011లో ఢిల్లీ హైకోర్టు తేల్చిన సిక్పా ఇండియా కేసు మీ పరిస్థితికి దగ్గర. అక్కడ మూడేళ్ల బాండ్, రాసుకున్న మొత్తం రెండు లక్షలు. కంపెనీ నిజంగా పెట్టినట్టు తేలిన ఖర్చు ₹67,596. ఉద్యోగి రెండేళ్లు పనిచేశాడు కాబట్టి అందులో మూడో వంతు, ₹22,532 చాలన్నారు. మీ ఉత్తరంలో నెలల వాటా అడగడానికి ఇదే బలం.

అయితే ఇది ఖాయంగా దక్కే హక్కు అనుకుని మొండికేయకండి. 2025 మే 14న విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అలాంటి షరతు ఉద్యోగం మారే స్వేచ్ఛను అడ్డుకోవడం కాదని, ప్రజాహితానికి విరుద్ధమూ కాదని చెప్పింది. ఆ ఉద్యోగి రెండు లక్షలూ ‘అభ్యంతరంతో’ అని రాసి కట్టి, తర్వాత కోర్టుకెళ్లాడు. హైకోర్టులో గెలిచినా చివరకు డబ్బు వెనక్కి రాలేదు. ప్రభుత్వ బ్యాంకు మళ్లీ నోటిఫికేషన్ వేసి, పరీక్షలు పెట్టి మనిషిని తీసుకోవాలి కాబట్టి ఆ ఖర్చును కోర్టు లెక్కలోకి తీసుకుంది. ప్రైవేటు కంపెనీకి ఆ వాదన అంత గట్టిగా నిలవకపోవచ్చు. కానీ బాండ్లు చెల్లవు అని స్నేహితులు చెప్పే మాటను మాత్రం ఈ తీర్పు తర్వాత ఎవరూ నమ్మకూడదు. ఉత్తరంలో ‘ఈ బాండ్ చెల్లదు’ అని రాయడమూ తెలివి కాదు. ఆ మాట రాసిన ఉత్తరం లీగల్ విభాగానికి పోతుంది, హెచ్‌ఆర్ బల్ల మీద తేలాల్సిన పని అక్కడ నెలల తరబడి కూర్చుంటుంది.

ఇంకో సంగతి, శిక్షణ అంటే ఏది? బయటి సంస్థకు డబ్బు కట్టి పంపిన కోర్సు, వేరే ఊరి ప్లాంటులో ఉంచి నేర్పించిన నెలలు శిక్షణ ఖర్చు కింద గట్టిగా నిలుస్తాయి. సీనియర్ పక్కన నిలబడి మందుల నమూనాలు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ యంత్రం నడపడం నేర్చుకుంటూనే శాంపిళ్లు పరీక్షించి రిపోర్టులు ఇచ్చారంటే, అది శిక్షణ కన్నా ఉద్యోగానికే దగ్గర. మందుల కంపెనీల్లో ప్రతి ఉద్యోగికీ ట్రెయినింగ్ ఫైలు ఉంటుంది, పని ఎలా చేయాలో చెప్పే ప్రతి ఎస్‌ఓపీ పత్రం చదివినట్టు మీరు సంతకాలు పెట్టే ఉంటారు. హెచ్‌ఆర్ ఆ ఫైలునే చూపించి ఇంత శిక్షణ ఇచ్చామనొచ్చు. ఆ సంతకాలు మందుల తయారీ నాణ్యతకు సంబంధించిన జీఎంపీ నిబంధనల కోసం కంపెనీ ఎలాగూ పెట్టించాల్సినవే, మీకోసం విడిగా పెట్టిన ఖర్చుకు అవి లెక్క కావు. ఈ వాదన కోసం ఆ కాగితాల ఫొటోలు మాత్రం ఫోనులో తీయకండి. ఎస్‌ఓపీలు, రికార్డులు కంపెనీ రహస్య పత్రాల కిందికొస్తాయి. డబ్బు తగాదాగా ఉన్నది క్రమశిక్షణ కేసుగా మారిపోతుంది. ఏ నెలలో ఏం నేర్పారు, ఏ నెల నుంచి సొంతంగా పని చేస్తున్నారు అన్నది మీ నోటుబుక్కులో గుర్తున్నంత రాసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు రెండో కాగితం. రాజీనామా ఇచ్చిన వారం పది రోజులకు, రాజీనామా అందినట్టు జవాబు వచ్చాక ఇవ్వండి:

> విషయం: సర్వీస్ అగ్రిమెంటు ఏడో క్లాజు కింద చెల్లింపు
> 2026 మార్చి 2 నాటి నా రాజీనామా ప్రకారం ఏప్రిల్ 30న నా ఉద్యోగం ముగుస్తుంది. 2024 జూలై 1 నాటి సర్వీస్ అగ్రిమెంటులో పేర్కొన్న ముప్పై ఆరు నెలల్లో ఆ తేదీకి ఇరవై రెండు నెలలు పూర్తవుతాయి, పద్నాలుగు నెలలు మిగులుతాయి.
> ఏడో క్లాజులోని ₹1,50,000ను మిగిలిన నెలల వాటాగా లెక్కించి ₹58,333 చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. ఈ మొత్తం ఆ అగ్రిమెంటు కింద నా నుంచీ, ష్యూరిటీ ఇచ్చిన మా తండ్రిగారి నుంచీ రావాల్సిన అన్నిటికీ పూర్తి, తుది పరిష్కారంగా ఇస్తున్నది. ఇంతకు మించి బాకీ ఉన్నట్టు నేను ఒప్పుకుంటున్నట్టు దీనికి అర్థం కాదు.
> ఏప్రిల్ 30న కంపెనీ పేరిట డిమాండ్ డ్రాఫ్టు రూపంలో ఈ మొత్తం అందజేస్తాను. అదే రోజున చెల్లింపు రసీదు, రిలీవింగ్ లెటర్, అగ్రిమెంటు కింద బాకీ లేదన్న పత్రం, రద్దు చేసిన అగ్రిమెంటు, మా తండ్రిగారు ఇచ్చిన చెక్కు, నా ఒరిజినల్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఇప్పించమని కోరుతున్నాను.
> వేరే మొత్తం రావాలని కంపెనీ భావిస్తే, నా శిక్షణకు పెట్టిన ఖర్చు వివరాలతో మార్చి 31 లోపు రాతపూర్వకంగా తెలియజేయగలరు.

చెక్కు నంబరు, బ్యాంకు పేరు కూడా ఉత్తరంలో వేయండి. నాన్నగారి చెక్కుబుక్కు కౌంటర్‌ఫాయిల్ చూస్తే నంబరు దొరుకుతుంది.

ఈ ఉత్తరంలో కొన్ని మాటలు కావాలనే పెట్టాం, కొన్ని కావాలనే వదిలాం. ‘బాండ్ ఉల్లంఘించినందుకు క్షమించండి’ అని మర్యాద కోసం రాస్తారు చాలామంది. ఉల్లంఘన అన్న మాట మీ సంతకంతో ఉంటే, తప్పు జరిగిందని రుజువు చేసే పని కంపెనీకి తప్పిపోతుంది. మీరు చేస్తున్నది ఆ క్లాజులోనే ఉన్న దారిన బయటికి రావడం, కాబట్టి ‘ఏడో క్లాజు కింద చెల్లింపు’ అన్న మాట చాలు. ‘కంపెనీ నిర్ణయించిన మొత్తం కడతాను’ అన్న వాక్యం అంతకన్నా ప్రమాదం. అది అంకె వేయని చెక్కుకు జోడీగా అంకె వేయని మాట ఇచ్చినట్టు. అంకె మీరే వేయాలి, ఎలా వచ్చిందో చూపాలి.

‘పూర్తి, తుది పరిష్కారంగా’ అన్న మాట లేకపోతే ₹58,333 తీసుకుని, మిగతాది తర్వాత అడగడానికి దారి ఉంటుంది. నాన్నగారి పేరు అందులో చేర్చకపోతే మీతో లెక్క తేలినా ఆయన ష్యూరిటీ గాలిలో వేలాడుతూనే ఉంటుంది.

కొందరు లాయర్ల సలహాతో ఇలాంటి ఉత్తరం నెత్తిన ‘వితౌట్ ప్రెజుడిస్’ అని పెడతారు. రాజీ బేరం సాగుతుండగా రాసుకునే ఉత్తరాలకు అది మంచి రక్షణే, వాటిని తర్వాత మీ మీద సాక్ష్యంగా వాడకుండా ఆపుతుంది. కానీ అదే అడ్డు మీకూ వర్తిస్తుంది. రేపు తగాదా పెరిగితే ‘నేను మార్చిలోనే డబ్బు కడతానన్నాను’ అని చూపించాల్సిన ఉత్తరం ఇదే, దీని మీద ఆ ముద్ర ఉంటే చూపించడం కష్టమవుతుంది. అందుకని ఉత్తరాన్ని బాహాటంగా ఉంచి, ‘ఇంతకు మించి బాకీ ఉన్నట్టు ఒప్పుకుంటున్నట్టు కాదు’ అన్న ఒక్క వాక్యంతో రక్షణ తీసుకున్నాం. అలాగే ‘కాగితాలు ఇస్తేనే కడతాను’ అనలేదు, ‘కడతాను, అదే రోజున ఇవి ఇప్పించండి’ అన్నాం. షరతు పెట్టిన చెల్లింపును కంపెనీ తిరస్కరించవచ్చు. సిద్ధంగా ఉన్న చెల్లింపును తిరస్కరిస్తే తప్పు వాళ్ల వైపు నిలుస్తుంది.

ఇది చదివాక హెచ్‌ఆర్ చేయగలిగేవి మూడు. ఒకటి, ఒప్పుకోవడం. అలాగైతే ఆ ఒప్పుదల మెయిలు ద్వారా తెప్పించుకోండి. నోటిమాట మీద డ్రాఫ్టు తీయకండి. రెండు, లక్షా యాభై వేలూ కట్టాల్సిందే అనడం. అప్పుడు కోపగించుకోకుండా ఉత్తరంలోని చివరి వాక్యాన్నే గుర్తు చేయండి, ఖర్చు వివరాలు ఇవ్వమనండి. చాలా కంపెనీల దగ్గర ఒక్కో ఉద్యోగికి ఇంత ఖర్చయిందని చూపే లెక్క ఉండదు. బేరం అక్కడి నుంచే మొదలవుతుంది. ₹58,333కూ లక్షా యాభై వేలకూ మధ్య ఎక్కడ దిగాలన్నది మీ కొత్త ఉద్యోగానికి రిలీవింగ్ లెటర్ ఎంత అవసరమో దాన్ని బట్టి ఉంటుంది. హైదరాబాదు కంపెనీ చేరే రోజునే ఆ లెటర్ అడుగుతుందా, రాజీనామా ఆమోదించిన మెయిలు చూపితే ఒకటి రెండు నెలలు ఆగుతుందా అన్నది ఇప్పుడే కనుక్కోండి. ఆగుతామంటే మీరు గట్టిగా నిలబడొచ్చు. ఆగమంటే ఎక్కువ కట్టాల్సి రావచ్చు. అలా కట్టాల్సి వస్తే ‘మొత్తం మీద అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని ఒక లైను రాసి కట్టండి. తర్వాత అడిగే హక్కు నిలుస్తుంది, గెలుపు ఖాయం కాదని పైన చెప్పిన తీర్పే చెబుతోంది. కొత్త కంపెనీ బాండ్ డబ్బు తిరిగి ఇస్తుందేమో కూడా అడగండి. ఇచ్చేవాళ్లు ఏ మొత్తం దేనికి కట్టారో విడివిడిగా రాసిన రసీదు అడుగుతారు.

మూడోది, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కలపడం. ₹58,333 మీద అది ₹10,500 అవుతుంది, లక్షా యాభై వేల మీదైతే ₹27,000. ఇది కట్టనక్కర్లేదు. 2022 ఆగస్టు 3న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్, గడువు కాకముందే మానేసిన ఉద్యోగి కట్టే బాండ్ సొమ్ము ఏ సేవకూ ప్రతిఫలం కాదని, దాని మీద జీఎస్టీ లేదని తేల్చింది. ఆ సర్క్యులర్ నంబరు, తేదీ వేసి ఒక్క మెయిలు పెడితే అకౌంట్స్ వాళ్లే తీసేస్తారు.

ఒకేసారి కట్టలేక వాయిదాలు అడగాలనుకుంటే, అడగొచ్చు. కానీ ఆఖరి వాయిదా పడేదాకా కాగితాలు రావు, ప్రతి వాయిదాకూ ముందు తేదీ చెక్కులు అడుగుతారు. అందులో ఒక్కటి బౌన్స్ అయినా సివిల్ లెక్క కాస్తా క్రిమినల్ కేసవుతుంది. ఇంట్లోవాళ్ల దగ్గర చేబదులు తీసుకుని ఒకేసారి తేల్చేయడమే మేలని మా అభిప్రాయం.

నాన్నగారి చెక్కు గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం బాండ్‌లో కన్నా అందులోనే ఉంది. కంపెనీ దాని మీద లక్షా యాభై వేలు వేసి బ్యాంకులో వేస్తే, ఖాతాలో అంత లేకపోతే తిరిగొస్తుంది. ‘స్టాప్ పేమెంట్’ పెట్టినా, ఖాతా మూసేసినా కేసు తప్పుతుందనుకోవద్దు. చెక్కు తిరిగొచ్చిన సంగతి తెలిసిన ముప్పై రోజుల్లో కంపెనీ నోటీసు పంపాలి, అది నాన్నగారికి అందాక డబ్బు కట్టడానికి పదిహేను రోజుల గడువుంటుంది. ఆ పదిహేను రోజుల్లో జవాబు తప్పనిసరిగా వెళ్లాలి. చెక్కు మీద వేసిన మొత్తం నిజంగా ఉన్న బాకీ కాదని చూపే భారం మొదట నాన్నగారి మీదే పడుతుంది. అప్పుడు పనికొచ్చేది మార్చిలో ఇచ్చిన ఆ రెండో ఉత్తరమే, అంకె, లెక్క, చెక్కు నంబరు అన్నీ అందులో ఉన్నాయి కాబట్టి. పోస్టులో వచ్చిన నోటీసును తీసుకోకుండా తిప్పి పంపకూడదని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. తిప్పి పంపినా అందినట్టే లెక్క, గడువు మాత్రం తెలియకుండా అయిపోతుంది.

పని అంతదాకా వస్తే శ్రీకాకుళం జిల్లా కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. ఫోనులో అయితే 15100. మీ ఒరిజినల్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే కూడా ఇక్కడే అడగండి. బాండ్ సొమ్ముకు తాకట్టుగా చదువు సర్టిఫికెట్లు పట్టుకునే హక్కు కంపెనీకి లేదు. సంస్థ పంపే ఒక్క నోటీసుతో అవి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

ఏప్రిల్ 30న ఇలా చేయండి. డ్రాఫ్టు రెండు రోజుల ముందే కంపెనీ పూర్తి పేరుతో తీయించి, ముందూ వెనకా జిరాక్సు పెట్టుకోండి. ఆన్‌లైన్లో పంపాల్సి వస్తే కంపెనీ ఖాతాకే పంపాలి, హెచ్‌ఆర్ ఉద్యోగి ఫోను నంబరుకు ఎంతమాత్రం కాదు. జిరాక్సు మీద ‘ముట్టింది’ అని సంతకం, ముద్ర తీసుకున్నాకే డ్రాఫ్టు చేతిలో పెట్టండి. రిలీవింగ్ లెటర్‌లో ఏప్రిల్ 30 పనివేళలు ముగిశాక విధుల నుంచి విడుదల చేశాం అన్న మాట ఉండాలి. ‘కంపెనీ బకాయిలకు లోబడి’ అన్న ముక్క ఉంటే లెక్క ఇంకా తేలలేదని అర్థం, అది తీయించండి. బాకీ లేదన్న పత్రంలో ఏడో క్లాజు పేరు, మీ పేరుతో పాటు నాన్నగారి పేరు ఉండాలి. చెక్కు చేతికి రాగానే నంబరు సరిచూసుకుని అక్కడే అడ్డంగా చింపేయండి.

బాండ్ సొమ్ములో కొంత ఏప్రిల్ జీతంలో సర్దుకుంటామని హెచ్‌ఆర్ అడిగితే, ఎంత సర్దుతున్నారో రాసి మీ సంతకం తీసుకుంటేనే ఒప్పుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. పీఎఫ్ జోలికి మాత్రం ఎవరూ రాకూడదు, బాండ్ బాకీ పేరుతో అందులోంచి కోసుకునే వీలు కంపెనీకి లేదు. మే తర్వాత ఈపీఎఫ్‌ఓ పోర్టల్‌లో మీ సర్వీసు వివరాలు తెరిచి చూడండి. పాత కంపెనీ మీ ఆఖరి తేదీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలలకు ‘Mark Exit’ నొక్కి ఏప్రిల్ 30ని మీరే వేసుకోవచ్చు.